ఎనర్జీ నిండిందన్న కబురు వెనక లెక్క

రాత్రి 9 గంటలకు గెన్షిన్ ఇంపాక్ట్ ఆడి, ఉన్న రెజిన్ అంతా ఖర్చుపెట్టేసి ఫోన్ పక్కన పడేశారనుకుందాం. రెజిన్ అంటే ఆ గేమ్‌లో ఎనర్జీ. ప్రతి 8 నిమిషాలకు ఒకటి చొప్పున దానంతటదే పెరుగుతుంది. గేమ్ 2020 సెప్టెంబర్‌లో వచ్చినప్పుడు దాని పరిమితి 120. ఆ నవంబర్‌లోనే 160 చేశారు. తర్వాత మూడేళ్లకు పైగా అది అక్కడే ఉండిపోయింది. ముందుగా ఆ రోజుల లెక్కే చూద్దాం. 160 రెజిన్ నిండటానికి 1,280 నిమిషాలు పడుతుంది, అంటే 21 గంటల 20 నిమిషాలు. నిండాక పెరగడం ఆగిపోతుంది.

ఒక్క రెజిన్ కూడా వృథా కాకూడదనుకునే మనిషి మర్నాడు మళ్లీ 9 గంటలకు వస్తే కుదరదు. సాయంత్రం 6:20కి రావాలి. ఎల్లుండి మధ్యాహ్నం 3:40కి. ఆ తర్వాత ఒంటిగంటకి, ఆపై పొద్దున 10:20కి, 7:40కి. ఏడో లాగిన్‌కి తెల్లవారుజాము 5 గంటలవుతుంది. రోజుకో 2 గంటల 40 నిమిషాల చొప్పున గేమ్ మీ గడియారాన్ని వెనక్కి లాక్కుపోతుంది. ఇది వద్దనుకుంటే రోజుకు రెండుసార్లు రావాలి. అదీ వద్దంటే కొంత పోగొట్టుకోవడానికి సిద్ధపడాలి.

ఉచిత మొబైల్ గేముల్లో ఎనర్జీ గురించి మాట్లాడేటప్పుడు చాలామంది ‘ఎనర్జీ అయిపోయింది, ఇక ఆడనివ్వదు, డబ్బులు అడుగుతుంది’ అన్న దగ్గరే ఆగిపోతారు. ఆ ఫిర్యాదు నిజమే, కానీ సగమే. అయిపోయినప్పుడు కలిగే చిరాకు పైకి కనిపిస్తుంది. నిండిపోయినప్పుడు జరిగేది కనిపించదు. మనల్ని రోజూ వెనక్కి రప్పించే తాడు మాత్రం నిండిన చోటే ఉంది.

రెండూ ఒకటే టైమర్ కదా, తేడా ఏముంది అనిపించవచ్చు. క్యాండీ క్రష్ సాగా తీసుకోండి. అందులో 5 లైఫులుంటాయి. ఒక్కోటి తిరిగి రావడానికి 30 నిమిషాలు, అన్నీ రావడానికి రెండున్నర గంటలు. లెవెల్ గెలిస్తే లైఫ్ పోదు, ఓడితేనే పోతుంది. కాబట్టి సులువైన లెవెల్స్‌లో మిమ్మల్ని ఎవరూ ఆపరు. గంటసేపు ఆపకుండా ఆడుకోవచ్చు. ఐదుసార్లు ఒకే కష్టమైన లెవెల్లో, అదీ ఆఖర్న ఒక్క జెల్లీ మిగిలి ఓడిపోయినప్పుడే తలుపు మూసుకుంటుంది. అంటే పట్టుదల బాగా పెరిగి ఉన్న క్షణంలో. అక్కడ అమ్మేది ‘ఇప్పుడే ఇంకోసారి’ అన్న కోరికని. ఇది అడ్డుగోడ రకం. రెండు రోజులు గేమ్ తెరవకపోయినా మీ 5 లైఫులు 5గానే ఉంటాయి. నిండి ఉన్నంత మాత్రాన ఏదో కోల్పోతున్నానన్న బెంగ పెద్దగా ఉండదు.

గెన్షిన్‌లోని రెజిన్ కుండ రకం. దానితో ఆడే ప్రతి ఆటకీ పాత్రల్ని బలపరిచే సామగ్రి వస్తుంది. ఒక డొమైన్, అంటే శత్రువులతో పోరాడే ఒక సవాలు, పూర్తిచేసి బహుమతి తీసుకోవాలంటే 20 రెజిన్ ఖర్చవుతుంది. కాబట్టి రెజిన్ అంటే ఆడే అవకాశం మాత్రమే కాదు, ఒక రకంగా కూలీ. కుండ నిండి పొర్లిపోతున్న ప్రతి 8 నిమిషాలకీ మీ ఖాతాలో పడాల్సింది పడకుండా పోతుంది. సూపర్‌సెల్ వాళ్ల క్లాష్ రాయల్ 2016లో వచ్చినప్పుడు ఇదే పనిని వేరే వేషంలో చేసింది. అప్పట్లో గెలిస్తే పెట్టె వచ్చేది. పెట్టెలకి నాలుగే గదులు. వెండిపెట్టె తెరుచుకోవడానికి 3 గంటలు, బంగారుపెట్టెకు 8 గంటలు. ఒకసారి ఒకటే తెరుచుకునేది. నాలుగు గదులూ నిండాయంటే ఆ తర్వాత ఎన్ని ఆటలు గెలిచినా పెట్టె వచ్చేది కాదు. ఆడొద్దని ఎవరూ అనేవాళ్లు కాదు. ఊరికే ఆడుతున్నట్టు అనిపించేది, అంతే.

పరిమితి ఎక్కడ పెట్టాలన్నది చిన్న నిర్ణయంలా కనిపిస్తుంది గానీ ఆటగాడి దినచర్యని అదే నిర్ణయిస్తుంది. 24 గంటల్లో 1,440 నిమిషాలు. 8తో భాగిస్తే రోజుకు 180 రెజిన్ పుడుతుంది. పరిమితి 160 అయినప్పుడు రోజుకు ఒక్కసారే వచ్చేవాళ్లకి 20 పోతుంది, అంటే సరిగ్గా ఒక డొమైన్. రోజుకో డొమైన్ చొప్పున నష్టం అన్నమాట. 2024 జూన్‌లో పరిమితిని 200కి పెంచారు. పుట్టే వేగం మారలేదు, 8 నిమిషాలే. కానీ నిండటానికి పట్టే సమయం 26 గంటల 40 నిమిషాలైంది. ఒకే వేళకి రోజుకు ఒకసారి వచ్చే మనిషికి ఇప్పుడు ఏమీ పోదు. పైగా 2 గంటల 40 నిమిషాలు ఆలస్యమైనా ఫరవాలేదు. అదనంగా ఒక్క రెజిన్ కూడా ఇవ్వకుండానే, గోడని 40 అంగుళాలు వెనక్కి జరిపినట్టు, మనిషికి గాలి ఆడేలా చేసిన మార్పు ఇది. ఆటగాళ్లు దాన్నెందుకు అంతగా అడిగారో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. మిగులు రెజిన్‌ని వేరే రూపంలో దాచుకునే దారి కూడా గేమ్‌లో ఉంది. కానీ దాచడానికీ లోపలికి రావాల్సిందే.

సాంకేతికంగా చూస్తే ఇందులో ఇంకో తమాషా ఉంది. టైమర్ అంటాం గానీ మీరు గేమ్ మూసేశాక ఎక్కడా ఏ టైమరూ తిరగడం లేదు. కోట్లమంది ఆటగాళ్లకి తలా ఒక గడియారం తిప్పడం ఏ సర్వర్‌కీ కుదిరే పని కాదు, అక్కర్లేదు కూడా. చివరిసారి లెక్క సరిచూసినప్పుడు ఎంత ఎనర్జీ ఉంది, అప్పుడు టైమ్ ఎంత అన్న రెండు సంఖ్యలు రాసిపెట్టుకుంటే చాలు. మీరు మళ్లీ తెరిచినప్పుడు ఒక్క లెక్క చేస్తారు.

```
ఎనర్జీ = min(పరిమితి, పాత_ఎనర్జీ + floor((ఇప్పుడు - చివరి_టైమ్) / విరామం))
```

ఈ లెక్కని ఫోన్ గడియారం మీద ఆధారపడి చేసే గేముల్లో ఒక చిట్కా పిల్లలందరికీ తెలుసు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి తేదీని ఒక రోజు ముందుకు జరిపితే లైఫులన్నీ వచ్చేస్తాయి. సర్వర్ టైమ్ చూసే గేముల్లో అది పనిచేయదు. ఆ సూత్రంలో నేను చూడమనేది min అన్న ఒక్క మాటని, అంటే రెండింటిలో చిన్నది తీసుకోమని చెప్పే ముక్కని. అది తీసేస్తే మీరు వారం తర్వాత వచ్చినా వారం ఎనర్జీ మీకోసం కూడి ఉంటుంది. సాంకేతికంగా దానికి అదనపు ఖర్చేమీ లేదు, తీసేస్తే లెక్క ఇంకా సులువవుతుంది. అయినా ఉంచుతున్నారంటే అది కావాలనే పెట్టిన ముక్క.

ఎందుకు పెడతారు? రెండు కారణాలున్నాయి, ఒకటి కాస్త న్యాయమైనది.

గేమ్ తయారుచేయడానికి ఏళ్లు పడుతుంది, తినేయడానికి వారం చాలు. గెన్షిన్‌లో సాధారణంగా 42 రోజులకోసారి కొత్త వెర్షన్ వస్తుంది. ఆ 42 రోజుల్లో ప్రతి ఆటగాడికీ పుట్టే రెజిన్ 7,560. దానితో 378 డొమైన్లు ఆడొచ్చు. కాస్త అటూ ఇటూ అయినా, 42వ రోజున క్రమం తప్పని ఆటగాడి దగ్గర ఏముంటుందో డిజైనర్‌కి ముందే తెలుసు. కొత్త శత్రువు ఎంత బలంగా ఉండాలో, కొత్త పాత్రకి ఎంత సామగ్రి అడగాలో ఆ అంచనా మీదే నిర్ణయిస్తారు. రోజంతా ఖాళీగా ఉండే మనిషికీ, రోజుకు పావుగంట మాత్రమే దొరికే మనిషికీ మధ్య దూరం విపరీతంగా పెరగకుండా కూడా ఇదే ఆపుతుంది. ఎనర్జీ అసలే లేని గేముల్లో రాత్రింబవళ్లు అదే రాక్షసుణ్ని చంపుతూ కూర్చునేవాళ్లు ముందుంటారు. అది ఇంతకంటే ఆరోగ్యకరమని నేననను. ఆ మాటకొస్తే ‘ఇవాళ్టికి ఇంతే’ అని చెప్పే గేమ్ కొందరికి మేలే చేస్తుంది.

రెండో కారణం వ్యాపారం. ఉచిత గేముల్లో డబ్బు పెట్టేవాళ్లు సాధారణంగా నూటికి నలుగురైదుగురు మించరు. మిగతావాళ్ల దగ్గర్నుంచి నేరుగా ఏమీ రాదు, ప్రకటనలు చూస్తే తప్ప. అయినా కంపెనీలు రోజూ చూసుకునే మొదటి లెక్క అమ్మకాలది కాదు, తిరిగి వచ్చినవాళ్లది. ఇవాళ ఇన్‌స్టాల్ చేసిన నూరుమందిలో మర్నాడు ఎంతమంది తెరిచారు, ఏడో రోజున ఎంతమంది, ముప్పయ్యో రోజున ఎంతమంది అన్నది. ఆ రంగంలో వీటిని డీ1, డీ7, డీ30 అంటారు. ఈ లెక్కే ముందు ఎందుకంటే, ఏ మనిషికి ఏ రోజున డబ్బు పెట్టాలనిపిస్తుందో ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగింది ఒక్కటే: ఆ రోజున ఆ మనిషి గేమ్ తెరిచి ఉండాలి. రోజువారీ బహుమతి, నిండే కుండ ఇవన్నీ మీ చేత ఇవాళ కొనిపించడానికి పెట్టినవి కావు. కొనాలనిపించే రోజున మీరు అక్కడ ఉండేలా చూడటానికి పెట్టినవి.

మొదటి తరం గేములు ఈ పనిని మొరటుగా చేసేవి. 2009లో ఫేస్‌బుక్‌లో వచ్చిన ఫార్మ్‌విల్‌లో స్ట్రాబెర్రీ వేస్తే 4 గంటల్లో కోతకొచ్చేది. వేళకి వచ్చి కోయకపోతే పంట ఎండిపోయేది. ఆఫీసులో మీటింగు మధ్యలో లేచి పంట కోసినవాళ్లని నేనెరుగుదును. అదే ఏడాది జూన్‌లో ఐఫోన్‌కి పుష్ నోటిఫికేషన్లొచ్చాయి. అక్టోబర్‌లో ఉచిత యాప్‌లలో కూడా కొనుగోళ్లు పెట్టుకోవడానికి యాపిల్ అనుమతించింది. పిలవడానికి గంట, అమ్మడానికి కౌంటర్ రెండూ ఒకే ఏడాదిలో జేబులోకి చేరాయన్నమాట. ఆ తర్వాత గేములు పంటని ఎండబెట్టడం తగ్గించాయి. ఎండిన పంట చూస్తే మనిషికి కోపమొస్తుంది, కోపమొస్తే గేమే తీసేస్తాడు. కుండ నిండి ఆగిపోతే కోపం రాదు. ఉన్నదేదీ పోలేదు కదా, రావాల్సింది రాలేదంతే. నష్టం అంతే, కనిపించే తీరే వేరు.

ఈ కనిపించే తీరు ఎంత పనిచేస్తుందో చెప్పడానికి గేమ్ డిజైనర్లు తరచూ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఉదాహరణ చెబుతారు. అది మొబైల్ గేమ్ కాదు, 2004లో వచ్చిన కంప్యూటర్ గేమ్. విడుదలకు ముందు పరీక్షల్లో, ఎక్కువసేపు ఆడితే వచ్చే అనుభవ పాయింట్లు సగానికి పడిపోయేలా పెట్టారు. ఉద్దేశం మంచిదే, కాస్త ఆపి విశ్రాంతి తీసుకోండని. పరీక్షించినవాళ్లు మండిపడ్డారు. అప్పుడు అంకెల అసలు విలువ మార్చకుండా పేర్లు మార్చారు. మామూలు స్థితిని ‘విశ్రాంతి బోనస్, 200 శాతం’ అన్నారు. సగానికి పడిన స్థితిని ‘మామూలు, 100 శాతం’ అన్నారు. వచ్చేది అంతే, వేగం అంతే. గొడవ సద్దుమణిగింది. డేనియల్ కానమన్, ఏమాస్ ట్వర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో రాసిన సిద్ధాంతం చెప్పేది ఇదే: ఒకే మొత్తం చేతికొస్తే కలిగే సంతోషం కంటే, చేజారితే కలిగే బాధ ఎక్కువ. ఏది లాభం, ఏది నష్టం అన్నది మనం ఎక్కడ నిలబడి చూస్తున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ నిలబడే చోటుని గేమ్ నిర్ణయిస్తోంది.

రోజువారీ లాగిన్ బహుమతి కూడా ఈ చోటు మార్చే పనే చేస్తుంది. ఇందులో రెండు రకాలున్నాయి, పైకి ఒకేలా కనిపిస్తాయి గనక విడదీసి చూడాలి. ఒకటి వరుస రకం. మొదటిరోజు చిన్న నాణేలు, మూడోరోజు కాస్త మంచి వస్తువు, ఏడోరోజు మెరుస్తున్న పెద్ద పెట్టె. మధ్యలో ఒక్కరోజు మానేస్తే మళ్లీ మొదటికి. రెండోది కూడిక రకం. నెలలో ఎన్ని రోజులు వచ్చారో లెక్కపెడుతుంది, మానేసిన రోజు లెక్కలో చేరదు గానీ పాతది చెరిగిపోదు. గేమ్ మీకు ఎంత విలువిస్తుందో తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి పరీక్ష లేదు. ఒకరోజు మానేసి చూడండి. ఆరో గడి దగ్గర ఉన్నవాళ్లని మొదటి గడికి తోసేస్తే, ఆ బహుమతి వచ్చినందుకు ఇస్తున్నది కాదు, రాకపోతే వేసే జరిమానాకి కాగితం చుట్టి ఇస్తున్నారంతే.

ఇక్కడ ‘రోజు’ అంటే మన రోజు కాదని కూడా తెలియాలి. చాలా గేముల్లో తేదీ అర్ధరాత్రి మారదు. గెన్షిన్‌లో సర్వర్ టైమ్ ప్రకారం తెల్లవారుజామున 4 గంటలకు మారుతుంది. ‘రాత్రి పన్నెండు దాటిపోయింది, వరుస తెగిపోయింది’ అని బాధపడేవాళ్లలో కొందరికి అసలు తెగి ఉండదు.

డబ్బు కట్టాక ఈ తాడు ఇంకా బిగుస్తుంది. నాకు అన్నిటికంటే తెలివైన పథకంగా కనిపించేది నెలవారీ పాస్. గెన్షిన్‌లో ఈ పాస్ కొంటే వెంటనే 300 క్రిస్టల్స్ ఇస్తారు. తర్వాత 30 రోజులపాటు రోజుకు 90 ప్రిమోజెమ్‌లు, మొత్తం 2,700. రెండూ గేమ్ లోపల చెల్లే డబ్బే. కొత్త పాత్ర కోసం ఒకసారి అదృష్టాన్ని పరీక్షించుకోవడానికి 160 ప్రిమోజెమ్‌లు కావాలి. విడిగా కొనేదానితో పోలిస్తే ఇది చాలా చవక, అందులో అబద్ధం లేదు. మెలిక ఎక్కడంటే, ఆ 90 లాగిన్ అయిన రోజే వస్తాయి. రాని రోజువి రావు, మర్నాడు కలిపి ఇవ్వరు. 6 రోజులు ప్రయాణంలో ఉంటే 540 పోతాయి, అంటే మూడుసార్లకు పైగా అదృష్టపరీక్ష. ఉచితంగా వచ్చేది పోతే ‘పోతే పోయింది’ అనుకోగలం. ఇది మనం డబ్బిచ్చి కొన్నది. కొన్నదాన్ని తీసుకోవడానికి నెలంతా హాజరు వేయించుకోవాలి. చవకదనానికి మిగతా ధర మన హాజరుతో కడుతున్నాం.

ఎనర్జీ నింపుకునే ధరలోనూ ఇలాంటి మెట్లుంటాయి. గెన్షిన్‌లో రోజుకు ఆరుసార్లు వరకు, ఒక్కోసారి 60 రెజిన్ చొప్పున కొనుక్కోవచ్చు. మొదటిసారి 50 ప్రిమోజెమ్‌లు. తర్వాత 100, 100, 150, 200, 200. 60 రెజిన్ అంటే 8 గంటలు. మొదటి మెట్టు దగ్గర 8 గంటల కాలాన్ని 50కి అమ్ముతున్నారు, చివరి మెట్టు దగ్గర అదే 8 గంటలు 200కి. మొదటిది చవకగా ఉండటం అలవాటు చేయడానికి. చివరిది ఖరీదుగా ఉండటం ఒక్కరోజులోనే అంతా ఊడ్చేసి వెళ్లిపోకుండా ఆపడానికి. కొనేటప్పుడు ధరని ప్రిమోజెమ్‌లలో కాకుండా ఇలా గంటల్లోకి మార్చి చూసుకుంటే చేయి తనంతట తానే ఆగుతుంది. రేపు పొద్దునకి ఊరికే వచ్చేదాన్ని ఇప్పుడు కొనాలా అన్నది చాలా సులువైన ప్రశ్న.

ఇదంతా రోజువారీ బహుమతులకున్న శక్తిని గేమర్లు పెద్దదిగా చేసి చెప్పడం కాదు. మార్కెట్ కూడా అలాగే చూసింది. 2023 డిసెంబర్ 22న చైనా నియంత్రణ సంస్థ ఆన్‌లైన్ గేములకి ముసాయిదా నిబంధనలు విడుదల చేసింది. రోజూ లాగిన్ అయినందుకు, మొదటిసారి డబ్బు పెట్టినందుకు, వరుసగా డబ్బు పెట్టినందుకు ఇచ్చే బహుమతులను నిషేధించాలని అందులో ఉంది. ఆ ఒక్కరోజే హాంకాంగ్‌లో చైనా గేమ్ కంపెనీలైన టెన్సెంట్ షేరు దాదాపు 12 శాతం, నెట్‌ఈజ్ షేరు దాదాపు 25 శాతం పడిపోయాయి. తర్వాతి నెలలో ఆ ముసాయిదా సంస్థ వెబ్‌సైట్ నుంచి కనిపించకుండా పోయింది. రోజుకు నాలుగు నాణేలిచ్చే ఆ చిన్న క్యాలెండర్ మీద ఎంత బరువు నిలబడి ఉందో మదుపరులు చెప్పకనే చెప్పారు.

అయితే ఆడటం మానేయాలా? అక్కర్లేదు. నేను మానలేదు. కానీ ఏ గేమ్ మొదలుపెట్టినా ముందు ఒక గుణకారం చేస్తాను. పరిమితిని, ఒక్కో ఎనర్జీకి పట్టే నిమిషాలతో గుణిస్తాను. 1,440 దాటితే ఆ గేమ్ రోజుకు ఒకసారికి సరిపడేది. దాటకపోతే ఎంత పోగొట్టుకోవాలో మొదటిరోజే నిర్ణయించుకుంటాను. ఉదాహరణకి, 120 పరిమితి, 5 నిమిషాలకు ఒకటి ఉన్న గేమ్ అనుకోండి. 10 గంటల్లో నిండిపోతుంది. రోజుకు పుట్టేది 288. రోజుకు ఒకసారి వెళితే చేతికొచ్చేది 120, రెండుసార్లు సరైన ఎడంతో వెళితే 240. మిగిలిన 48 కోసం మూడోసారి వెళ్లాలి. ఆ మూడోసారి దగ్గరే చాలామంది చిక్కుకుంటారు, అది ఇచ్చేది మొత్తంలో ఆరో వంతే అయినా. నేను ఒకసారే వెళతాను. సగానికి పైగా పోతుంది. పోనీ. ఆ గేమ్‌లో నా ఎదుగుదల సగం కంటే నెమ్మదిగా ఉంటుంది, కథ మాత్రం అదే, బొమ్మలు అవే. ఇతరులతో పోటీపడే గేమ్ అయితే ఈ నష్టం నిజంగానే కనిపిస్తుంది, అది దాచను. అలాంటి గేమ్‌లో రోజుకు ఒకసారి ఆడే మనిషికి ర్యాంకుల పట్టికలో చోటుండదు. ఆ పట్టిక వైపు చూడకుండా ఆడగలనా అని ముందే ప్రశ్నించుకోవడం మంచిది.

రెండో పని నోటిఫికేషన్లు. మొత్తం ఆపాల్సిన పని లేదు. ఆండ్రాయిడ్‌లో గేమ్ నోటిఫికేషన్లను వేరువేరు వర్గాలుగా చూపించే అవకాశం ఉంది. స్నేహితుల సందేశాలు ఉంచి, ఎనర్జీ నిండింది, పెట్టె సిద్ధం, బహుమతి మిగిలిపోయింది అన్నవి తీసేయండి. గేమ్ లోపలి సెట్టింగ్స్‌లో కూడా వీటికి విడిగా స్విచ్‌లు దొరుకుతుంటాయి. గేమ్ అన్నీ ఒకే మూటలో పంపిస్తుంటే మాత్రం మూట మొత్తం ఆపేయడమే. ఆ గంట మోగడం ఆగాక కుండ నిండిన సంగతి మీకు తెలిసే దారి ఒక్కటే ఉంటుంది, మీ అంతట మీకు ఆడాలనిపించి తెరవడం.

ఇంకోటి, కాస్త ఇబ్బందిగా ఉండే పరిశీలన. గేమ్ తెరిచాక మొదటి రెండు నిమిషాల్లో ఏం చేస్తున్నారో నాలుగు రోజులు గమనించండి. బహుమతి తీసుకుని, ఎనర్జీని ఆటో బటన్‌తో ఖర్చుపెట్టి, ఎర్ర చుక్కలన్నీ నొక్కి మూసేస్తున్నారా? అయితే మీరు ఆడటం ఎప్పుడో మానేశారు, హాజరు మాత్రం వేస్తున్నారు. నాకిది ఒక గేమ్‌లో, పేరెందుకులే, 212వ రోజున తెలిసింది. ఆసుపత్రిలో బంధువు పక్కన కూర్చుని, సిగ్నల్ కోసం వరండాలోకి నడిచి లాగిన్ అయ్యాను. ఆ రోజు బహుమతి రెండు చిన్న సీసాల ఔషధం. అలాంటివి నా దగ్గర నాలుగొందలకు పైగా ఉన్నాయి, ఒక్కటీ వాడలేదు. వారం తర్వాత కావాలనే ఒకరోజు తెరవలేదు. రాత్రి కాసేపు చేతులు ఫోన్ వైపు వెళ్లాయి. పొద్దున లేచాక వరుస సున్నా దగ్గర ఉంది. తేలిగ్గా అనిపించింది. అలా అనిపిస్తుందని ముందురోజు ఎవరైనా చెబితే నమ్మేవాణ్ని కాదు.

ఈ బెంగ అందరిలోనూ ఒకే స్థాయిలో ఉండదు. ఎక్కువమందికి అది చిరాకు దాటదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ఐసీడీ-11 వర్గీకరణలో చేర్చిన గేమింగ్ రుగ్మతకి గీత చాలా ఎత్తులో ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముందుకు రావడం, నష్టం కళ్లముందే కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇవన్నీ చదువునో ఉద్యోగాన్నో కుటుంబాన్నో దెబ్బతీసే స్థాయిలో మామూలుగా 12 నెలలపాటు కనిపించాలి. రోజూ ఒకసారి రెజిన్ ఖర్చుపెట్టడం ఆ కోవలోకి రాదు. కానీ దాచిపెట్టి డబ్బు కట్టడం, నిద్ర మధ్యలో అలారం పెట్టుకుని లేవడం మొదలైతే గుణకారాలు పక్కనపెట్టి మనుషులతో మాట్లాడే వేళయింది. ఇంట్లో పిల్లలు ఆడుతుంటే ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా స్టోర్ సెట్టింగ్ మార్చడం ఐదు నిమిషాల పని, గొడవలు చాలా తప్పుతాయి.

నెలవారీ పాస్ విషయంలో నా పద్ధతి ఒకటే. ఆ నెలంతా ఎలాగూ రోజూ ఆడతానని తెలిస్తేనే కొంటాను. ఆసక్తి సన్నగిల్లిన గేమ్‌కి, ‘పాస్ ఉంటే మళ్లీ ఆడబుద్ధవుతుంది’ అని కొనడం అంటే ఆడబుద్ధి కాని 30 రోజులకి ముందే డబ్బు కట్టడం.

మానేస్తే వెనకబడిపోతామన్న భయానికి జవాబు గేముల్లోనే ఉంది, అదీ ఎవరూ పెద్దగా ప్రచారం చేయని మూలన. దూరమైన ఆటగాళ్లని వెనక్కి రప్పించడానికి చాలా గేములు ప్రత్యేకంగా బహుమతులు పెట్టుకుంటాయి. గెన్షిన్‌లోనూ అలాంటిది ఉంది. రెండు వారాలకు పైగా కనిపించకుండా పోయిన పాత ఆటగాడు తిరిగొస్తే విడిగా లాగిన్ బహుమతులు, సామగ్రి రెట్టింపయ్యే అవకాశం ఇస్తుంది. రోజూ క్రమం తప్పకుండా వచ్చేవాళ్లకి ఆ తెర ఎప్పటికీ కనిపించదు.